ధరల పట్టికను ఫొటోగా పెడితే

ఊరగాయలమ్మే చిన్న సైటు. ఆవకాయ, మాగాయ, గోంగూర ధరలన్నీ రంగుల పోస్టరుగా చేయించి, ఆ బొమ్మనే పేజీలో పెట్టేశారనుకుందాం. చూడ్డానికి బాగానే ఉంటుంది, చూపు ఆనితే.

బొమ్మ బరువు 2 ఎంబీ. సిగ్నల్ అందక సెకనుకు 400 కిలోబిట్లే వచ్చేచోట అది దిగడానికి 40 సెకన్లు పడుతుంది. చూపు మందగించినవాళ్లు పెద్దది చేస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టుకుని వినేవాళ్లకైతే ధరకు బదులు అర్థంలేని ఫైలు పేరు వినిపించవచ్చు.

అవే ధరలు మామూలుగా టైపు చేస్తే రెండు మూడు కేబీలు మించవు, ఎంత పెద్దది చేసినా అక్షరం చెదరదు. ఇక పేజీ ఏ భాషలో ఉందో, జాడీ ఫొటోలో ఏముందో ఇలా చెప్పాలి:

```html
<html lang="te">
<img src="avakaya.jpg" alt="అరకిలో ఆవకాయ జాడీ">
```

మొదటి వరుస లేకపోతే కొన్ని స్క్రీన్ రీడర్లు తెలుగును ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి తడబడతాయి. అలంకారానికి పెట్టిన తీగలకు, పువ్వులకు మాత్రం `alt=""` అని ఖాళీగా వదిలేయాలి. లేదంటే ప్రతి పువ్వునూ వినాల్సిందే!

అన్నీ అయ్యాక టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని గోంగూర ధరెంతో కనుక్కోండి. ఒకసారి తాకితే చదువుతుంది, వెంటవెంటనే రెండుసార్లు తడితే తెరుస్తుంది. ఇది తెలియక ఫోన్ పాడైందని కంగారుపడేవాళ్లూ ఉన్నారు.