సోమవారం నుంచి కొత్త ట్రాకర్

"సోమవారం నుంచి మన పనంతా కొత్త ట్రాకర్‌లోనే. పాతది శుక్రవారం సాయంత్రం ఆపేస్తున్నాం. లింకు కింద ఉంది. అందరూ లాగిన్ అయి చూసుకోండి."

కొన్నేళ్ల కిందట టీమ్ లీడ్‌గా నేను పంపిన మెసేజ్ ఇది. అప్పుడు మా టీమ్‌లో పదకొండుమందిమి. కాలేజీల ఫీజులు ఆన్‌లైన్‌లో కట్టించుకునే సాఫ్ట్‌వేర్ మా చేతిలో ఉండేది. నాలుగు ముక్కల్లో విషయం చెప్పేశాననుకున్నాను. చెప్పాల్సిన ముఖ్యమైన మాట అందులో లేదని సోమవారం పొద్దున తెలిసింది.

ట్రాకర్ అంటే టీమ్ పనుల చిట్టా. సాఫ్ట్‌వేర్‌లో ఏ తప్పు దొరికినా, ఏ కొత్త పని వచ్చినా దాని పేరున ఒక టికెట్ తెరుస్తారు. దానికో నంబరు ఉంటుంది. పని ఎవరిదో, ఎంతవరకు వచ్చిందో అందులోనే రాస్తారు. ఆసుపత్రిలో ఓపీ చీటీ రోగి వెంట గది గదికీ తిరిగినట్టు, ఈ టికెట్ డెవలపర్ దగ్గర్నుంచి టెస్టర్‌కి, అక్కణ్ణుంచి విడుదలకి వెళ్తుంది.

మా పాత ట్రాకర్‌లో 'రిజాల్వ్డ్' అంటే డెవలపర్ సరిచేశాడు, టెస్టర్ ఇంకా చూడాలి అని అర్థం. టెస్టర్ చూసి సరేనన్నాకే 'క్లోజ్డ్' అయ్యేది. కొత్తదాంట్లో మొదట ఉన్నవి మూడే దశలు: 'టు డూ', 'ఇన్ ప్రోగ్రెస్', 'డన్'. టికెట్లు తరలించేటప్పుడు పాత దశలు రెండూ 'డన్'లోకి వెళ్లిపోయాయి. ఏ దశ ఎక్కడికి పోతుందో నేను ముందుగా అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు.

సోమవారం మా టెస్టర్ వచ్చి, "అన్నా, నాకు చూడ్డానికి ఒక్క టికెట్ కూడా లేదు" అంది. పని తగ్గిందని సంబరపడాల్సిన చోటు కాదది. లెక్క తీశాం. పాతదాంట్లో శుక్రవారం నాటికి 'క్లోజ్డ్' 610, 'రిజాల్వ్డ్' 37. కొత్తదాంట్లో 'డన్' 647. రెండూ కూడితే సరిగ్గా అంతే. అంటే ఎవరూ పరీక్షించని 37 మార్పులు పూర్తయిన పనుల్లా కనిపిస్తున్నాయి. గురువారం విడుదల ఉంది. వాటిలో 4127 ఒకటి: డబ్బు కట్టేటప్పుడు మధ్యలో ఆగిపోయి, అర్ధరాత్రి దాటాక మళ్లీ ప్రయత్నిస్తే ఆలస్య రుసుము రెండుసార్లు పడే తప్పు. అది విద్యార్థుల డబ్బు.

పాత ట్రాకర్‌ని తీసేయకుండా, చూడటానికి మాత్రం వీలుండేలా ఉంచడం మమ్మల్ని కాపాడింది. అందులో 'రిజాల్వ్డ్' జాబితా ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. దాని ప్రకారం 37 టికెట్లనూ వెనక్కి తెచ్చాం. కొత్తదాంట్లో 'టెస్టింగ్‌కి సిద్ధం' అని నాలుగో దశ పెట్టాం.

తరవాతి చిక్కు నంబర్లది. పాతదాంట్లో కంపెనీ మొత్తానికీ ఒకే వరస, కొత్తదాంట్లో టీమ్‌కో వరస. మా 4127 కాస్తా FEE-312 అయింది. కానీ కోడ్‌లో, మెయిళ్లలో, మనుషుల నోళ్లలో ఉన్నది 4127. ఆ నంబరుతో కొత్తదాంట్లో వెతికితే ఏమీ రాదు. ప్రతి కొత్త టికెట్‌లోనూ పాత నంబరును విడిగా రాసి పెట్టాల్సిందే. పైథాన్ భాషను తయారుచేసేవాళ్లు 2022 ఏప్రిల్‌లో bugs.python.org నుంచి గిట్‌హబ్‌కి మారినప్పుడు ఈ జాగ్రత్త తీసుకున్నారు. bpo- తో మొదలయ్యే పాత నంబర్లు కొత్త టికెట్ల మీద కనిపిస్తాయి. కొత్తవి gh- తో రాస్తారు. పాత సైట్‌ని చదవడానికి అలాగే ఉంచారు.

ఇక రోజువారీ పని. మాకు పొద్దున మీటింగ్‌లో ఎవరికి వారు నోటితో చెప్పుకోవడం పోయి, అందరం కొత్త బోర్డునే తెరిచి చూడటం మొదలైంది. కోడ్ జమచేసేటప్పుడు ముందు కొత్త నంబరు ఉండాలి:

```
FEE-312 fix duplicate late fee
```

అలా రాస్తే ఆ మార్పు టికెట్‌కి దానంతటదే అతుక్కుంటుంది. నంబరు మరిస్తే ఆ పని ఎందుకు చేశారో ఆర్నెల్ల తరవాత వెతికేవాళ్లకి దొరకదు. వాట్సాప్‌లో వచ్చిన పనికీ టికెట్ తెరిచాకే చెయ్యి పెట్టాలి. ఇవన్నీ వారంలో అలవాటయ్యాయి. అలవాటయ్యేదాకా రెండూ నడుపుదామని కొందరు అడుగుతారు, దానికి మాత్రం ఒప్పుకోకూడదు. ఒకే పని మీద సగం మాటలు అక్కడ, సగం ఇక్కడ ఉంటే ఏది తాజాదో ఎవరికీ తెలియదు.

ఆ తరవాత ఇలాంటి మెసేజ్ రాయాల్సి వచ్చినప్పుడల్లా లింకు కన్నా ముందు పాత దశ ఏ కొత్త దశ అవుతుందో రాస్తున్నాను. పాత నంబరు ఎక్కడ కనిపిస్తుందో, పాతది ఎప్పటినుంచి చదవడానికి మాత్రమే ఉంటుందో కూడా చెబుతున్నాను.

మీ లీడ్ నుంచి ఇలాంటి మెసేజ్ వస్తే, శుక్రవారం సాయంత్రం ఇంటికి వెళ్లే ముందు మీ పేరున ఉన్న టికెట్లు ఏ దశలో ఎన్ని ఉన్నాయో కాగితం మీద రాసుకోండి. సోమవారం పని మొదలుపెట్టకముందే కొత్తదాంట్లో సరిచూసుకోండి. తేడా ఉంటే ఆ రోజే చెప్పండి. వారం గడిచి టికెట్లు అటూ ఇటూ కదిలాక ఆ లెక్క మళ్లీ తేలదు.