మీటరులో అంకె రాకపోతే...

వేలికొస నుంచి రక్తపు చుక్క తీసి పట్టీకి అంటిస్తే, గ్లూకోమీటరు చక్కెర ఎంత ఉన్నదీ అంకెల్లో చూపిస్తుంది. ఒక్కోసారి అంకెకు బదులు HI, LO, Er అనే అక్షరాలు వస్తాయి. మీటరు చెడిపోయిందని దాన్ని గూట్లో పడేస్తే ప్రమాదం. మొదటి రెండూ చెడిపోయిన గుర్తులు కావు, ఫలితాలే.

HI అంటే చక్కెర మీటరు కొలవగల పై హద్దు దాటిందని అర్థం. చాలా మీటర్లలో ఆ హద్దు డెసిలీటరుకు 600 మిల్లీగ్రాములు. 610 ఉన్నా, 900 ఉన్నా కనిపించేది HI ఒక్కటే.

అయితే చేతి మురికి కూడా ఈ మాట పలికించగలదు. ఒక రైతు మామిడిపండు తిని, చేయి పంచెకు తుడుచుకుని పరీక్ష చేసుకున్నాడనుకోండి. వేలికి అంటిన రసం రక్తంలో కలిసి HI రావచ్చు. సబ్బుతో కడిగి, బాగా తుడిచి, కొత్త పట్టీతో మళ్లీ చూస్తే 180 రావచ్చు. తడి వేలు పనికిరాదు, నీరు కలిస్తే అంకె తగ్గిపోతుంది. శుభ్రంగా చూసినా మళ్లీ HI వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత ఉంటే గంట కూడా ఆగకూడదు. మింగగలిగితే దారిలో మంచినీళ్లు తాగించవచ్చు. సొంత లెక్కతో ఇన్సులిన్ పెంచడం గానీ, మానేయడం గానీ కూడదు.

LO ఇంకా తొందరపెట్టే మాట. చక్కెర 20 కంటే, కొన్ని మీటర్లలో 10 కంటే తగ్గిందని అర్థం. చెమటలు, వణుకు, తికమక ఉంటే మళ్లీ పరీక్ష అంటూ కూర్చోరాదు. స్పృహ ఉండి మింగగలిగితే, మూడు చెంచాల పంచదార అర గ్లాసు నీటిలో కలిపి వెంటనే తాగించాలి. ఒంట్లో ఏ బాధా లేకపోయినా ముందు పంచదారే. పావుగంట తర్వాత చేయి కడిగి చూసి, 70 దాటకపోతే మళ్లీ అంతే ఇవ్వాలి. తేరుకున్నాక అన్నం పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వాడేవారికి కొన్ని గంటల తర్వాత చక్కెర మళ్లీ పడిపోవచ్చు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయవద్దు, పొర పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

ఇక Er అంటే మీటరు కొలవలేకపోయిందన్న మాట. రక్తం చాలకపోవడం, వాడిన పట్టీనే మళ్లీ పెట్టడం, డబ్బా మూత సరిగా పెట్టక పట్టీలు చెమ్మగిల్లడం సాధారణ కారణాలు. పక్కన ఉండే అంకె అర్థం మీటరుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. కొన్ని మీటర్లలో చక్కెర మరీ పెరిగినప్పుడు కూడా Er వస్తుంది. కొత్త పట్టీతో ఒకసారి చూడాలి. మళ్లీ అదే వచ్చి, మనిషి నీరసించి ఉంటే మీటరును వదిలి మనిషిని ఆసుపత్రికి చేర్చాలి.