తెల్లవారుజామున బాత్రూం దారి

వార్డులో రోగి పడిపోయాడనగానే "డ్యూటీలో ఎవరున్నారు?" అని అడుగుతారు. అలా అడిగిన చోట తర్వాత పడినవాళ్ల సంగతి రిజిస్టరులోకి ఎక్కదు. ప్రణాళిక రాసేవాళ్లు అడగాల్సింది వేరు: ఏ వేళలో, ఎక్కడ, ఏం చేయబోయి పడ్డారు?

ఒక మెడికల్ వార్డు ఉందనుకుందాం. రోజుకు సగటున 25 మంది రోగులు. నెలకు 750 రోగి-దినాలు. నెలకు సగటున ముగ్గురు పడుతున్నారు, అంటే వెయ్యి రోగి-దినాలకు 4. రోగుల సంఖ్య పెరిగినా తగ్గినా పోల్చుకోవడానికే ఈ లెక్క. పాత రిపోర్టులు తిరగేస్తే ఎక్కువమంది తెల్లవారుజామున, బాత్రూంకని ఒంటరిగా లేచినవాళ్లే. మంచం పక్కన కింద పడుకున్న అటెండెంటును లేపడం ఇష్టంలేక లేచినవాళ్లూ ఉన్నారు. ఇక లక్ష్యం ఒక్క వాక్యంలో రాయొచ్చు: ఏడాదిలోగా 4ని 2కి తేవాలి.

మార్పు కూడా అక్కడే దొరికింది. రాత్రి 10కి, తెల్లవారుజామున 4కి సిస్టర్ వెళ్లి అడిగి, రోగిని బాత్రూంకి తీసుకెళ్లాలి. దీన్ని మర్నాడే వార్డంతటికీ సర్క్యులర్‌గా పంపకూడదు. ఒక సిస్టర్, ఒక రాత్రి, ముగ్గురు రోగులు: మొదటి చక్రం అంతే. ప్లాన్, డూ, స్టడీ, యాక్ట్ అనే ఈ నాలుగు మెట్ల పద్ధతికి మూలం వాల్టర్ షూహార్ట్ ఆలోచన. దాన్ని లోకానికి తెలియజెప్పినవాడు ఎడ్వర్డ్స్ డెమింగ్.

ఆ రాత్రి 10 గంటల పని సాఫీగా సాగింది. 4 గంటలది కుదరలేదు, ఆ వేళకు సిస్టర్ రక్తం శాంపిళ్లు తీస్తోంది. కాబట్టి రెండో చక్రంలో ఆ పని ఆయమ్మకు అప్పగించి, మూడు రాత్రులు చూస్తారు. ఎన్నిసార్లు తీసుకెళ్లాలో, నిజంగా ఎన్నిసార్లు తీసుకెళ్లారో రోజూ రాస్తారు. పడినవాళ్ల లెక్క ఒక్కటే చూస్తే మార్పు పనిచేయలేదో, అసలు అమలే కాలేదో తేలదు.

ఇంత చిన్న అంకెలు ఊరికే ఊగుతాయి. ఒక నెల సున్నా వచ్చిందని మిఠాయిలు పంచకండి, ఐదు వచ్చిందని ఎవరినీ నిలదీయకండి. నెలనెలా చుక్క పెట్టి, పాత నెలల మధ్యగత రేఖకు దిగువన వరుసగా 6 చుక్కలు పడితే నిజమైన మార్పు వచ్చిందని అనుకోవచ్చు. మొదట్లో అంకె పెరగనూ వచ్చు, దాచడం మానేశారు కాబట్టి. అందుకే గాయపడినవాళ్లను విడిగా లెక్కించాలి.

నన్ను ఎక్కువ భయపెట్టేది మరొకటి. రోగిని మంచం దిగనివ్వకపోతే ఎవరూ పడరు, గ్రాఫ్ చక్కగా దిగుతుంది. ఈలోగా ముసలివాళ్ల కాళ్లలో సత్తువ పోతుంది. అందుకే రోజుకు ఒక్కసారైనా లేచి నడిచినవాళ్లు ఎందరో, పడినవాళ్ల లెక్క పక్కనే, అదే కాగితం మీద రాయాలి.