ఒక తండ్రికి పడ్డ శిక్ష.. రాజు కొలువును కదిలించిన చిన్న పుస్తకాలు

1761 అక్టోబర్ 13 రాత్రి ఫ్రాన్స్‌లోని టూలూజ్ నగరంలో జీన్ కలాస్ అనే బట్టల వ్యాపారి ఇంట్లో పెద్ద కొడుకు శవమై కనిపించాడు. వాళ్లది ప్రొటెస్టెంట్ కుటుంబం. ఊళ్లో ఎక్కువమంది కేథలిక్కులు. కొడుకు కేథలిక్‌గా మారబోతుంటే తండ్రే చంపేశాడని పుకారు లేచింది. గట్టి సాక్ష్యం లేకపోయినా 1762 మార్చి 10న కలాస్‌ను చిత్రహింసలు పెట్టి చంపారు. తాను నిర్దోషినని ఆయన చివరిదాకా చెబుతూనే ఉన్నాడు.

అప్పట్లో స్విట్జర్లాండ్ సరిహద్దు దగ్గర ఉంటున్న రచయిత వోల్టేర్ ఈ సంగతి విన్నాడు. కలాస్ చిన్న కొడుకును పిలిపించి వివరాలు అడిగాడు. తర్వాత మామూలు మనిషికీ అర్థమయ్యే ప్రశ్నలు వేశాడు. అరవై దాటిన తండ్రి, 28 ఏళ్ల కొడుకును ఒంటరిగా ఎలా ఉరి తీయగలడు? ఇంట్లోవాళ్లు సాయం చేశారంటే వాళ్లకు అదే శిక్ష ఎందుకు పడలేదు? ఆ రాత్రి ఇంట్లో ఉన్న పనిమనిషి కేథలిక్. తన మతంలోకి వస్తున్న కుర్రాణ్ణి చంపడానికి ఆమె ఎందుకు ఒప్పుకుంటుంది?

ఈ వాదనలు, కుటుంబం గోడు 1762లో చిన్న చిన్న కరపత్రాలుగా అచ్చయ్యాయి. 1763లో సహనం గురించి వోల్టేర్ రాసిన పుస్తకం తన పేరు లేకుండానే వచ్చింది. ఫ్రాన్స్‌లో అచ్చుకు ప్రభుత్వ అనుమతి కావాలి కాబట్టి ఇలాంటివి జెనీవా లాంటి చోట్ల అచ్చయి గుట్టుగా దేశంలోకి వచ్చేవి.

ఒక ప్రతిని ఒక్కరే చదివి పక్కన పెట్టేవాళ్లు కాదు. పారిస్‌లో మేడమ్ జియోఫ్రిన్ లాంటి సంపన్న మహిళలు ఇంట్లో నడిపే సభలను సలాన్లు అనేవారు. ఆమె ఇంట్లో బుధవారాలు రచయితలకు విందు ఉండేది. అయితే సలాన్‌కు పిలుపు ఉంటేనే వెళ్లాలి. కాఫీ హోటల్‌కు ఆ అడ్డు లేదు, కప్పు కాఫీకి డబ్బులుంటే చాలు. యెమెన్‌లో పండి, ఉస్మానియా తుర్కుల ద్వారా యూరప్‌కు అలవాటైన పానీయం అది. 1686లో మొదలైన ప్రొకోప్ లాంటి కాఫీ హోటళ్లలో రాజకీయాలు కూడా నడిచేవి. అందుకే పోలీసులు అక్కడ వేగులను కూర్చోబెట్టేవారు.

జనంలో మాట పెరిగింది. పేరున్న లాయర్లు కేసు చేపట్టారు. 1764లో రాజు మండలి తీర్పును కొట్టేసింది. 1765 మార్చి 9న, అంటే శిక్ష వేసిన మూడేళ్లకు సరిగ్గా అదే తేదీన, కలాస్ నిర్దోషి అని ప్రకటించారు.

ప్రొటెస్టెంట్ల పెళ్లిళ్లకు, పిల్లల పుట్టుకకు చట్టబద్ధమైన గుర్తింపు 1787లో గానీ రాలేదు. బహిరంగ ప్రార్థనకు అప్పుడు కూడా అనుమతివ్వలేదు.

ఇంకో మాటా చెప్పుకోవాలి. అదే పుస్తకంలో వోల్టేర్, వేర్వేరు మతాల జనాన్ని తుర్కీ సుల్తాన్ ప్రశాంతంగా పాలిస్తున్నాడని ఉదాహరణగా చూపాడు. కానీ అంతకు రెండు దశాబ్దాల ముందు ప్రవక్త ముహమ్మద్ (స)ను మోసగాడిగా చూపే నాటకం రాసిందీ ఆయనే. యూదుల మీదా దారుణమైన రాతలు రాశాడు. సహనం గురించి రాసిన మనిషికే అది అన్ని చోట్లా సాధ్యం కాలేదు. అయినా పుకారును ప్రశ్నలతో నిలదీసిన ఆ కరపత్రాలు ఒక కుటుంబం మీద పడ్డ మచ్చను తుడిచాయి.