రేటింగ్ నుంచి హైక్ దాకా

అప్రైజల్‌లో వచ్చిన రేటింగ్ ఒక్కటే హైక్ శాతాన్ని నిర్ణయించదు. జీతాల పెంపునకు కంపెనీ ముందే కొంత మొత్తం కేటాయిస్తుంది. దాన్ని ఎవరికెంత పంచాలో రేటింగులు చెబుతాయి.

ఉదాహరణకు, తలా 10 లక్షల వార్షిక జీతమున్న 10 మంది టీమ్‌కు 8 శాతం బడ్జెట్ ఇస్తే, పంచడానికి ఉండేది 8 లక్షలు. ఉత్తమ రేటింగ్ వచ్చిన ఇద్దరికి 12 శాతం, మధ్యస్థంగా ఉన్న ఆరుగురికి 8 శాతం, చివరి ఇద్దరికి 4 శాతం ఇస్తే లెక్క సరిపోతుంది. అదే ఐదుగురికి ఉత్తమ రేటింగ్ ఇస్తే వారికే 6 లక్షలు పోతాయి. మిగతా అందరికీ 4 శాతమే దక్కుతుంది. అందుకే చాలా కంపెనీల్లో మేనేజర్లు ఇచ్చిన రేటింగులను పైస్థాయిలో మళ్లీ సరిచూసి, కొన్నింటిని తగ్గిస్తారు.

హైక్ తక్కువగా వస్తే, పనితీరును అనుమానించే ముందు ఆ ఏడాది బడ్జెట్ ఎంతో అడిగి తెలుసుకోవాలి.