పెడళ్ళు తీసేసిన సైకిల్

మా అన్నకు జూన్ నుంచి కోయంబత్తూరులో పని అని తెలిసినప్పుడు ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. నేను మాత్రం లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. హోసూరు పక్కన ఉండే మా ఊరి నుంచి బస్టాపుకు మూడు కిలోమీటర్లు. ఇన్నాళ్ళూ పొద్దున అన్న బండి మీద దించేవాడు, సాయంత్రం వచ్చి పిలుచుకొని పోయేవాడు. ప్లస్ వన్‌లో ప్రభుత్వం ఇచ్చిన సైకిల్ మాత్రం మూడేళ్ళుగా కొట్టంలో ఉంది, దాని మీద కోళ్ళు నిద్రపోతాయి. నాకు తొక్కడం రాదు.

ఒకసారి ప్రయత్నించకపోలేదు. పదహారేళ్ళప్పుడు అన్న వెనక క్యారియర్ పట్టుకొని పరిగెత్తాడు. "పట్టుకొనే ఉండాను, తొక్కు" అంటూనే చెప్పకుండా వదిలేశాడు. నేను పొయ్యి కంపచెట్టులో పడ్డాను. మోకాలి మీద మచ్చ ఇంకా ఉంది. అంతకంటే, అప్పటినుంచి సైకిల్ హ్యాండిల్ పట్టుకుంటే చాలు చేతులు కొయ్యల్లా బిగుసుకుపోయేవి.

ఈ ఏప్రిల్‌లో పుదుక్కోట్టై నుంచి మా అత్తై వచ్చింది. మాది అమ్మవైపు తెలుగు, నాన్నవైపు తమిళం, కాబట్టి నాన్న అక్క నాకు అత్త కాదు, అత్తై. 1990ల మొదట్లో ఆ జిల్లాలో అరివొళి అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టర్ షీలా రాణి చుంకత్ ప్రోత్సాహంతో చదువుతో పాటు ఆడవాళ్ళు వేలమంది సైకిల్ నేర్చుకున్నారు. మా అత్తై వాళ్ళలో ఒకతె, పెళ్ళయ్యాక నేర్చుకుంది. నా కథంతా విని ఆమె ఒకే మాట అంది: "వెనక పట్టుకుంటే ఎవరికీ రాదు."

దీనికి కారణం ఉంది. సైకిల్ మీద మనం ఎప్పుడూ కొంచెం కొంచెం పడుతూనే ఉంటాం. ఎడమకు ఒరిగితే హ్యాండిల్‌ను ఎడమకే కాస్త తిప్పాలి. అప్పుడు చక్రాలు ఎడమకు జరిగి మళ్ళీ మన బరువు కిందికి వస్తాయి. కుడికి ఒరిగితే కుడికి. బ్యాలెన్సు అంటే ఇంతే. భయపడేవాళ్ళు దీనికి తిరగేసి చేస్తారు: ఎడమకు పడుతుంటే హ్యాండిల్ కుడికి లాగుతారు, దాంతో ఇంకా తొందరగా పడతారు. వెనక ఒకరు పట్టుకుంటే సైకిల్ ఒరగదు. ఒరగకపోతే ఏ వైపు తిప్పాలో చేతులకు తెలిసేది ఎట్లా? వదిలిన క్షణం మనం మొదటి రోజు మనిషిమే.

అందుకని అత్తై ముందు సైకిల్‌ను సైకిల్ షాపుకు తోలించింది. రెండు పెడళ్ళూ విప్పించింది, సీటును బాగా కిందికి దించింది. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి, వేళ్ళు మాత్రమే ఆనితే చాలదు. గాలి కొట్టించి, బ్రేకులు సరిచేయించాం. పెడల్ విప్పడంలో ఒక కిటుకు ఉంది: కుడి పెడల్ మామూలు నట్టు మాదిరే విప్పుకుంటుంది గానీ ఎడమదాని మర తిరగేసి ఉంటుంది. తెలియక మామూలుగా తిప్పితే ఇంకా బిగుస్తుంది.

తొక్కడానికి పెడల్ లేని సైకిల్‌తో బడి మైదానానికి పోతుంటే పిలకాయలు నవ్వారు. నవ్వనీ. మైదానంలో మట్టి గట్టిగా, కంటికి తెలిసీ తెలియనంత వాలుగా ఉండే చోటు చూసుకున్నాం. ఇసుక ఉండే చోట చక్రం జారుతుంది, గడ్డిలో సైకిల్ ముందుకు పోదు.

మొదటి రోజు నేను సైకిల్ ఎక్కనే లేదు. పక్కన నడుస్తూ తోసుకుంటూ పోవడం, అత్తై "నిల్లు" అన్నప్పుడల్లా రెండు బ్రేకులూ మెల్లగా కలిపి నొక్కి ఆపడం, ఇంతే పని. అరగంటకు విసుగొచ్చింది. కానీ భయంలో సగం 'ఆపలేనేమో' అన్నదేనని అప్పుడు తెలిసింది. ముందు చక్రం బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే వెనక భాగం లేస్తుంది. మీ సైకిల్లో ఏ చేతిది ఏ చక్రానిదో తోసుకుంటూ పోయేటప్పుడే చూసుకోండి.

రెండో రోజు సీటు మీద కూర్చొని నడిచాను, అంటే కూర్చొనే కాళ్ళతో నేలను తోస్తూ. తర్వాత రెండు కాళ్ళతో ఒకేసారి తోసి, పాదాలు జానెడు ఎత్తి, మళ్ళీ ఆనించడం. ఒకటి అని లెక్కపెట్టేలోపే కాలు దిగేది. అసలు కష్టం మూడో రోజు వచ్చింది. ఎంత తోసినా సైకిల్ పాము మాదిరి వంకరలు పోతోంది. అత్తై కాసేపు చూసి, "నువ్వు చక్రాన్ని చూస్తున్నావు. నేరా పారు" అంది. నేరుగా, దూరంగా ఉండే వేపచెట్టును చూడమంది. రెండో తప్పు, నేను భయంతో మరీ మెల్లగా పోతున్నాను. మెల్లగా పోయినప్పుడు అదే ఒరుగుకు హ్యాండిల్ చాలా ఎక్కువ తిప్పాల్సి వస్తుంది, అందుకే వంకరలు. వాలు పైనుంచి కొంచెం వేగంగా వదిలి, మోచేతులు వదులు చేసి, వేపచెట్టును చూస్తే ఒకటి, రెండు, మూడు, నాలుగు... చెట్టు దగ్గరికే వచ్చేశాను. కాళ్ళు గాలిలోనే ఉన్నాయి.

ఆ వెంటనే పెడళ్ళు బిగించమని అడిగాను. అత్తై ఒప్పుకోలేదు. వాలు మొదలు నుంచి చివరి దాకా కాళ్ళు ఆనించకుండా వరసగా మూడుసార్లు రావాలి, మధ్యలో పెట్టిన రెండు ఇటుకలను చుట్టి రావాలి, అప్పుడే అంది. దానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

పెడళ్ళు నేనే బిగిస్తానని స్పానర్ తీసుకున్నాను. ఒకటి సగం చుట్టు తిరిగి మొరాయించింది. బలం పెట్టబోతుంటే నాన్న ఆపాడు. చూస్తే ఇరుసు కొసన చిన్నగా L అని ఉంది, నేను దాన్ని కుడివైపు పెడుతున్నాను! బలవంతం చేసి ఉంటే లోపలి మర అరిగిపోయి క్రాంకే మార్చాల్సి వచ్చేది. ముందు చేత్తోనే తిప్పాలి, నాలుగైదు చుట్లు సులభంగా పోతేనే స్పానర్.

పెడళ్ళతో బయలుదేరడానికి ఒక పద్ధతి ఉంది. బ్రేకు పట్టుకొని, కుడి పెడల్‌ను గడియారంలో రెండు గంటల ముల్లు ఉండే చోటికి తెచ్చి దాని మీద పాదం పెట్టాలి. ఎడమ కాలు నేల మీదే. బ్రేకు వదిలి కుడి పెడల్‌ను ఒక్క తోపు గట్టిగా తొక్కితే, ఆ తోపు ఇచ్చే వేగంలోనే ఎడమ పాదం తన పెడల్‌ను వెతుక్కుంటుంది. వెతకడానికి కిందికి చూడకూడదు. నేను చూసి రెండుసార్లు పడ్డాను, కానీ సీటు కిందికి ఉంది గనక కాలు ఆనించి నిలబడ్డాను, దెబ్బ తగల్లేదు. ఏడో రోజుకు మైదానం చుట్టూ తిరిగాను.

సీటు అట్లే ఉంచేస్తే మోకాళ్ళు నొప్పి పెడతాయి, ఎక్కువ మడుచుకోవాలి కదా. రోజూ వేలెడు చొప్పున ఎత్తుకుంటూ వచ్చాం. పెడల్ అడుగున ఉన్నప్పుడు కాలు దాదాపు చాచుకొని, మోకాలు కొంచెం మాత్రమే వంగి ఉండాలి. ఇంకొకటి, చున్నీ. చున్నీ కొస చక్రంలోకి పోతే మెడకు వస్తుంది. అడ్డంగా వేసుకొని నడుము దగ్గర ముడి వేసుకోండి, లేదంటే సంచిలో పెట్టేయండి. కుడి ప్యాంటు కాలిని రబ్బరు బ్యాండుతో బిగిస్తే చెయిను పట్టుకోదు.

అత్తై మే నెలాఖరుకు ఊరికి పోయింది. జూన్‌లో కాలేజీ తెరిచిన రోజు అమ్మ గుమ్మంలో నిలబడి నేను మలుపు తిరిగేదాకా చూసిందంట. నేను వెనక్కి చూడలేదు. చూస్తే హ్యాండిల్ కూడా అటే తిరుగుతుంది, అది ఇంకా పట్టుబడలేదు. చెయ్యి చాపి సైగ చెయ్యడమూ రాలేదు. అందుకని జాతీయ రహదారి దాటే చోట దిగి, తోసుకుంటూ దాటుతాను. అవతల బడ్డీకొట్టు పక్కన తాళం వేసి, ఎనిమిది పదికి బస్సు ఎక్కుతాను.