ఆపరేషన్ తర్వాత పేగులు మేలుకునే వరుస

"అమ్మా, గ్యాస్ పోయిందా?" పొట్ట ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను రౌండ్స్‌లో నర్సు మొదట అడిగేది ఇదే. చుట్టూ బంధువులు ఉన్నప్పుడు జవాబు చెప్పడానికి చాలామంది సిగ్గుపడతారు. సిగ్గుపడాల్సిన పని లేదు. పేగులు మళ్లీ కదులుతున్నాయా లేదా అన్నది బయటికి తెలిసే ముఖ్యమైన గుర్తుల్లో అదొకటి.

పొట్ట తెరిచినా, చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసినా, లోపల చేయి పడగానే పేగులు కాసేపు స్తంభించిపోతాయి. తర్వాత అన్నీ ఒకేసారి మేలుకోవు. చిన్నపేగు కొద్ది గంటల్లోనే కదలిక మొదలుపెడుతుంది. జీర్ణాశయానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. పెద్దపేగుది అన్నిటికంటే ఆలస్యం, రెండు మూడు రోజులు తీసుకుంటుంది. గ్యాస్ పోవాలంటే ఆ పెద్దపేగే కదలాలి.

అందుకే ఒకప్పుడు గ్యాస్ పోయేదాకా నోట్లో చుక్క నీళ్లు పోయనిచ్చేవారు కాదు. ఈ లెక్కను 1990లలో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ ప్రశ్నించారు. పెద్దపేగు మేలుకోకపోయినా చిన్నపేగు పనిచేస్తూనే ఉంటుంది కదా, అలాంటప్పుడు రోగిని ఎండగట్టడం దేనికన్నది ఆయన వాదన. ఇప్పుడు చాలా ఆపరేషన్లకు మత్తు దిగిన కొన్ని గంటలకే గుక్కెడు నీళ్లతో మొదలుపెడుతున్నారు. పేగు కోసి అతికించిన కేసుల్లో మాత్రం ఎప్పుడు ఏం తినాలన్నది ఆ సర్జనే చెప్పాలి.

వార్డుల్లో తరచూ కనిపించే ఒక కేసును తీసుకుందాం. నలభై ఆరేళ్ల గృహిణి లాప్రోస్కోపీలో గర్భసంచి తీయించుకుంది. సాయంత్రానికి నీళ్లు, పలచని మజ్జిగ తాగింది. మర్నాడు పొద్దున ఒక ఇడ్లీ తింది, మధ్యాహ్నం మెత్తగా ఉడికిన అన్నంలో చారు కలిపి పెట్టారు. కడుపు నిండా తినడం ముఖ్యం కాదు. రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం తినాలి, వికారంగా ఉంటే ఆపేయాలి. అన్నం తిన్న కొద్దిసేపటికి పొట్టలో గుడగుడమంటే మంచిదే, పేగులు పని మొదలుపెట్టాయన్నమాట.

ఆ రాత్రి ఆమెకు కుడి భుజం విపరీతంగా లాగింది. ఆపరేషన్ పొట్టకైతే నొప్పి భుజానికేమిటని ఇంటివాళ్లు గుండె నొప్పేమోనని హడలిపోయారు. లాప్రోస్కోపీలో కెమెరాకు చోటు కోసం పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి ఉబ్బిస్తారు. చివర్లో తీసేసినా కొంత మిగిలిపోతుంది. అది ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ పొరను చికాకు పెడుతుంది. ఆ పొర కబురు మెదడుకు మోసుకెళ్లే నరం, భుజం చర్మపు నరాలు మెడలో ఒకే చోట నుంచి బయల్దేరతాయి. అందుకే మెదడు ఆ నొప్పిని భుజానిదిగా పొరబడుతుంది. ఈ వాయువు పేగుల్లోది కాదు కాబట్టి త్రేన్పుతోనో, గ్యాస్ మాత్రతోనో పోదు. రెండు మూడు రోజుల్లో రక్తంలో కలిసి ఊపిరితో బయటికి పోతుంది. అందాకా భుజానికి వేడి కాపడం పెట్టడం, వెల్లకిలా పడుకోవడం కొంత ఉపశమనమిస్తాయి. అయితే ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే మాత్రం భుజం నొప్పేలే అని సరిపెట్టుకోకూడదు, వెంటనే డాక్టర్‌కు చెప్పాలి.

మర్నాటి నుంచి పొట్టలో అలలు అలలుగా మెలిపెట్టిన నొప్పి వేరు. అది పేగుల్లోని గ్యాస్. చిన్నపేగు నెట్టేది కింద పెద్దపేగు ముందుకు పోనివ్వక ఉబ్బుతుంది. పక్కకు తిరిగి మోకాళ్లు కొంచెం ముడుచుకుని పడుకుంటే చాలామందికి హాయిగా ఉంటుంది. సోడా, కూల్‌డ్రింక్, స్ట్రాతో తాగడం మానాలి.

నడక గురించి ఒక నిజం చెప్పుకోవాలి. నడిస్తే పేగులు త్వరగా మేలుకుంటాయని అందరూ అంటారు గానీ, 1990లో అమెరికా సర్జన్లు పేగుల విద్యుత్ కదలికలను కొలిచి చూస్తే, నడిచినవాళ్లకూ నడవనివాళ్లకూ తేడా కనిపించలేదు. అయినా నడిపిస్తారు, కారణం కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా, ఊపిరితిత్తుల్లో కఫం పేరుకోకుండా ఉండటం. ఒంటికి కాస్త కదలిక వస్తే గ్యాస్ కూడా తేలికపడినట్లు అనిపిస్తుంది.

లేచే పద్ధతి తెలిస్తే నొప్పి సగం తగ్గుతుంది. వెల్లకిలా ఉన్నవాళ్లు నేరుగా లేవకూడదు. ఒక పక్కకు దొర్లి, కాళ్లు మంచం కిందికి వదిలి, మోచేత్తో ఒత్తి కూర్చోవాలి. కళ్లు తిరగడం తగ్గేదాకా అలాగే రెండు నిమిషాలుండి, అప్పుడు లేచి నిలబడాలి. దగ్గు వస్తే దిండును పొట్టకు అదిమిపట్టుకోవాలి. మన గృహిణి మొదట బాత్రూమ్ దాకా, తర్వాత వరండా చివరిదాకా, ఒక్కోసారి ఐదు నిమిషాలు, రోజుకు నాలుగైదుసార్లు నడిచింది. ఒకేసారి అరగంట నడవడం కన్నా ఇదే మేలు. బిందెలు, గ్యాస్ సిలిండర్ లాంటి బరువులు మాత్రం కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు ఎత్తకూడదు.

మూడో రోజు గ్యాస్ పోయింది, ఇంటికి పంపించారు. అసలు చిక్కు అక్కడే మొదలైంది. చీటీలో నొప్పికి ట్రమడాల్ కలిసిన మాత్ర ఉంది, రోజుకు మూడు. ఐదో రోజుకి విరేచనం కాలేదు, పొట్ట బిగుసుకుపోయింది. ట్రమడాల్, కొడీన్, మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్ మందులు మెదడులో నొప్పిని ఆపే చోటు ఎలా పట్టుకుంటాయో, పేగు గోడల్లోనూ అలాగే పట్టుకుంటాయి. పేగు కదలిక మందగిస్తుంది, మలంలోని నీరు లాగేయబడుతుంది, గట్టిపడుతుంది. అప్పుడే మేలుకున్న పెద్దపేగును మళ్లీ నిద్రపుచ్చినట్లే. వికారం, మగత రోజులు గడిచేకొద్దీ అలవాటైపోవచ్చు గానీ, మలబద్ధకానికి శరీరం అలవాటుపడదు. మాత్ర వేసుకున్నంతకాలం ఉంటుంది.

అత్తగారు ఇసబ్‌గోల్ తెప్పించింది. మామూలు మలబద్ధకానికి అది మంచి మందే. కానీ కదలని పేగులో, నీళ్లు తక్కువ తాగే మనిషికి, పొట్టు ఉబ్బి మరింత అడ్డుపడుతుంది. ఇక్కడ కావలసింది పేగును తట్టిలేపే మందు, బిసకోడిల్ లేదా సెన్నా. దానికి తోడు మలంలోకి నీటిని లాగే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి. బిసకోడిల్ రాత్రి వేసుకుంటే ఆరు నుంచి పన్నెండు గంటల్లో, అంటే మర్నాటి పొద్దున పనిచేస్తుంది. దాన్ని పాలతో గానీ యాంటాసిడ్‌తో గానీ వేసుకోకూడదు, మాత్ర పైపూత కడుపులోనే కరిగి మంట పుడుతుంది. లాక్టులోజ్ సిరప్ కూడా పనికొస్తుంది గానీ, ఉబ్బరంగా ఉన్నవాళ్లకు గ్యాస్ ఇంకా పెంచుతుంది. పేగు అతికించినవాళ్లు ఎనిమా, సపోజిటరీ సొంతంగా వాడకూడదు.

ఆమె డాక్టర్‌కు ఫోన్ చేస్తే ఆ రెండూ రాసి, నొప్పికి పారాసెటమాల్ వేళకు వేసుకుని, ట్రమడాల్ మాత్ర తట్టుకోలేనప్పుడు మాత్రమే వాడమన్నారు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పారు: చాలా ట్రమడాల్ మాత్రల్లో పారాసెటమాల్ కూడా కలిసే ఉంటుంది. రెండూ చూసుకోకుండా వేసుకుంటే కాలేయానికి ప్రమాదం. ఆరో రోజు రాత్రి బిసకోడిల్, మర్నాడు పొద్దున విరేచనం. ముక్కాల్సిన పని పడలేదు, అదే ముఖ్యం. ముక్కితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది.

పథ్యం పేరిట కుట్లు చీముపడతాయని పప్పు, గుడ్డు, వంకాయ మానిపించడం, నీళ్లు తగ్గించడం మన ఇళ్లలో ఇంకా ఉంది. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. ఉడికించిన గుడ్డు, పెసరపప్పు, పెరుగు పెట్టాలి. నీళ్లు తగ్గిస్తే మలం గట్టిపడుతుంది.

ఇంటికి పంపేటప్పుడు నొప్పి మాత్రతో పాటే విరేచనం మందు ఏదని అడిగి రాయించుకోండి. ఆకుపచ్చగా వాంతులవుతున్నా, పొట్ట రాయిలా ఉబ్బి గ్యాస్ పూర్తిగా ఆగిపోయినా, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం వచ్చినా, పిక్క వాచి నొప్పి పెట్టినా, విరేచనం మందు వేసి చూద్దామని ఇంట్లో కూర్చోకండి. తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.